డ్రైవర్ తీసేస్తే గళ్ళు పోయాయా? అంతమాత్రాన గ్రాఫిక్స్ కార్డు బాగున్నట్టు కాదు

ప్రశ్న: స్క్రీన్ మీద చెస్ బోర్డులా గళ్ళు వస్తున్నాయి, గేమ్‌లో త్రికోణాలు మెరుస్తున్నాయి. డ్రైవర్ తీసేస్తే బాగానే ఉంటోంది. తప్పు డ్రైవర్‌దేనా, ఓవర్‌క్లాక్‌దా, కార్డే పోయిందా?

డ్రైవర్ తీసేస్తే బాగుంటోంది అన్నారు చూడండి, సరిగ్గా ఆ మాట నమ్మే నేను మూడు వారాలు, రెండు వేల రూపాయలు పోగొట్టుకున్నాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. నా దగ్గర ఉన్నది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 6 జీబీ కార్డు. నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం తలంబ్రాల సీన్‌కి కలర్ సరిచేస్తుంటే పెళ్ళికూతురి మొహం మీద ఆకుపచ్చ, నలుపు గళ్ళు పడ్డాయి. అచ్చం గళ్ళ లుంగీలా వరసగా, ఒకే సైజులో. సాయంత్రం మా అక్క కొడుకు గేమ్ పెట్టి "మామయ్యా, ఇదేంటి, గోడలు సాగిపోతున్నాయి" అని పిలిచాడు. తెర ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగాటి త్రికోణాలు వచ్చి పోతున్నాయి.

విజయవాడలో ఒక షాపుకి తీసుకెళ్తే "డ్రైవర్ ప్రాబ్లం సార్" అని విండోస్ కొత్తగా వేసి ఇచ్చారు. అక్కడ గంటసేపు చూశాం, ఒక్క గడి లేదు. ఇంటికొచ్చి నెట్ కలిపాను. రాత్రికల్లా మళ్ళీ గళ్ళు. మధ్యలో జరిగింది ఒక్కటే, విండోస్ అప్‌డేట్ తనంతట తనే కార్డు డ్రైవర్ దించుకుంది. దాంతో నాకూ డ్రైవరే దొంగ అని గట్టిగా అనిపించింది. పాతది, కొత్తది, ఇంకా పాతది, దొరికిన డ్రైవర్లన్నీ వేశాను.

అసలు సంగతి ఇది. డ్రైవర్ లేనప్పుడు విండోస్ `Microsoft Basic Display Adapter` అనే మామూలు దానితో బొమ్మ చూపిస్తుంది. 1920x1080 తెరకి ఒక్కో చుక్కకి 4 బైట్లు వేసుకుంటే దానికి కావలసిన మెమరీ సుమారు 8 ఎంబీ. పైగా మెమరీ చాలా నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. డ్రైవర్ పడ్డాకే కార్డు పూర్తి వేగం అందుకుంటుంది, 6 జీబీనీ వాడటం మొదలుపెడుతుంది. నిదానంగా నడిస్తే నిలబడి, పరుగెత్తిస్తే తప్పులు చేసే మెమరీ చిప్పు ఉందనుకోండి, డ్రైవర్ తీసేసినప్పుడు దాని జబ్బు బయటపడదు. మీరు తీసేసింది డ్రైవర్‌నే, కానీ దాంతోపాటు బరువు కూడా దించేశారు.

గళ్ళు అంత వరసగా ఎందుకు వస్తాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. కార్డు బొమ్మని ఒకే చిప్పులో పెట్టదు. చిన్న చిన్న ముక్కలు చేసి చిప్పులన్నిటికీ వంతుల వారీగా పంచుతుంది. నా కార్డులో ఆరు చిప్పులు. వాటిలో ఒకటి పాడైతే దాని వంతు ముక్కలే చెడతాయి, కాబట్టి తప్పు సమాన దూరాల్లో కనిపిస్తుంది. త్రికోణాల దారి వేరు. గేమ్‌లో ప్రతి వస్తువూ చిన్న త్రికోణాలతో కట్టిందే. ఒక మూల ఎక్కడుండాలో చెప్పే అంకెలో ఒక్క బిట్ తారుమారైతే ఆ మూల ఎక్కడో దూరాన పడి త్రికోణం సాగిపోతుంది. ఆ అంకె మెమరీలో చెడొచ్చు, లెక్కలు చేసే ప్రధాన చిప్పు, అంటే కోర్, అతి వేగంతో నడుస్తుంటే అందులో చెడొచ్చు, డ్రైవరే తప్పు లెక్క వేయొచ్చు. అందుకే త్రికోణాలని మాత్రమే చూసి ఏదీ తేల్చకండి. ఒక్క గేమ్‌లోనే వచ్చి మిగతా అన్నీ శుభ్రంగా ఉంటే నేను ముందు ఆ గేమ్‌ని, డ్రైవర్‌ని అనుమానిస్తాను.

చివరికి నేను చేసింది చెప్తాను. గళ్ళు వచ్చినప్పుడు `Win+PrtScn` నొక్కి ఆ బొమ్మని ఫోన్‌లోకి పంపి చూశాను. ఫోన్‌లోనూ గళ్ళున్నాయి, అంటే కేబుల్, మానిటర్ తప్పు కాదు. తర్వాత సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రాంతో డ్రైవర్ ఆనవాళ్ళు పూర్తిగా తుడిచి కొత్తగా వేశాను. మార్పు లేదు. కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాం తెరిచి చూస్తే నేను పెంచిన వేగమేమీ లేదు, అన్నీ సున్నా దగ్గరే ఉన్నాయి. తప్పు ఓవర్‌క్లాక్‌దైతే సున్నాకి తెచ్చాక పోవాలి. ఇక్కడ సున్నా దగ్గరే వస్తోంది.

అప్పుడు వేగం తగ్గించి చూశాను, కోర్, మెమరీ విడివిడిగా. రెండూ ఒకేసారి తగ్గిస్తే తప్పు ఎవరిదో తెలియదు. కోర్ 100 మెగాహెర్ట్జ్ తగ్గించాను, ఏం మారలేదు. దాన్ని మళ్ళీ సున్నాకి తెచ్చి మెమరీ 200 తగ్గిస్తే గళ్ళు పల్చబడ్డాయి, 400 తగ్గిస్తే పూర్తిగా పోయాయి. `memtest_vulkan` అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది, కార్డు మెమరీలో రాసి, చదివి సరిపోల్చుతుంది. మామూలు వేగంలో నిమిషం తిరక్కుండానే తప్పులు చూపించింది. 400 తగ్గించాక 5 నిమిషాల టెస్టు శుభ్రంగా అయిపోయింది. పవర్ సప్లై మీద అనుమానం మిగలకూడదని తెనాలిలో మా బావగారి కంప్యూటర్‌లో కూడా కార్డు పెట్టి చూశాం. అక్కడా అవే తప్పులు. ఇక డ్రైవర్ మాట వదిలేశాను.

చాలామంది ఫర్‌మార్క్ అనే టెస్టు ఒక్కటే నడిపి కార్డు బాగుందని చెప్పేస్తారు. అది ప్రధానంగా కోర్‌ని వేడెక్కిస్తుంది, మెమరీ అంతటినీ వెతకదు. నా కార్డు అందులో అరగంట నిలబడింది. ఇంకొక మాట, నా కార్డు చూపించే 74 డిగ్రీలు కోర్‌ది మాత్రమే. ఆ పాత రకం మెమరీకి తన వేడి చెప్పే ఏర్పాటు లేదు. మన గుంటూరు మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో ఆ చిప్పులు ఎంత కాలుతున్నాయో ఎవరికి తెలుసు? పొద్దున్న రాని గళ్ళు మధ్యాహ్నం ఇరవై నిమిషాలకే వచ్చేవి. చిప్పుల వేడిని బయటికి లాగే థర్మల్ ప్యాడ్లు ఎండిపోతే మార్చాను. గళ్ళు ఆలస్యంగా వచ్చాయి కానీ రావడం మానలేదు.

నాకు ఇప్పటికీ మండేది ఇంకో షాపు గురించి. "హీటింగ్ చేస్తే కొత్తదైపోద్ది అన్నా" అని పదిహేను వందలు తీసుకుని వేడిగాలి కొట్టి ఇచ్చారు. పదకొండు రోజులు బాగుంది, తర్వాత మామూలే. వేడి చేస్తే విరిగిన సంబంధం కాసేపు అతుక్కుంటుంది, అంతే. చెడిన చిప్పు తీసి కొత్తది వేసేవాళ్ళు ఉన్నారు, అది నిజమైన రిపేరు. కానీ తప్పు కోర్‌లోని మెమరీ కంట్రోలర్‌దైతే చిప్పు మార్చినా లాభం లేదు. అది ముందే చెప్పేవాళ్ళకే కార్డు ఇవ్వండి.

మీరైతే ఈ రాత్రికి ముందు మామూలు వేగంలో ఒకసారి, తర్వాత మెమరీ వేగం ఒక్కటే 400 తగ్గించి ఇంకోసారి `memtest_vulkan` నడిపి, ఎన్ని తప్పులు వచ్చాయో ఇక్కడ రాయండి. తగ్గించాక తప్పులు ఆగితే ముఖ్యమైన ఫైళ్ళు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని కొత్త కార్డుకి డబ్బు చూసుకోండి. నా కార్డు ఆ తగ్గించిన వేగంతో నాలుగు నెలలు పనిచేసింది. దసరా ముందు ఒక పొద్దున్న బయోస్ తెర మీదే, డ్రైవర్ ఊసే లేని చోట, గళ్ళు వచ్చాయి. విండోస్‌లోకి వెళ్తే డివైస్ మేనేజర్‌లో `Code 43` అని రాసి ఉంది, అంటే కార్డులో ఏదో లోపముందని విండోస్ దాన్ని ఆపేసింది.