అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో ముందు చూడు పాపా

చిరంజీవి పాపకు మామయ్య ఆశీస్సులు.

మీ ఆఫీసు అమ్మాయి భర్త బెంగుళూరులో ఐసీయూలో ఉన్నాడనీ, వాళ్ళ కోసం నువ్వు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో సాయం అడుగుతూ పోస్టు పెట్టబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. రక్తసంబంధం లేని మనిషి కోసం నలుగురి ముందు చేయి చాపడానికి సిద్ధపడ్డావని వింటే గుండె నిండింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. కర్నూలులో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. సాయం అడిగినవాళ్ళు, సాయం చేసినవాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ ఆ కౌంటర్ దగ్గరికి రావడం చూశాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. ఫొటో పెట్టడానికి భార్య ఒప్పుకుందా? మాటల్లో కాదు, మెసేజ్‌లో ఒప్పుకోమను. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఈ జబ్బుకు, ఆ బెంగుళూరు ఆసుపత్రికి వర్తిస్తుందేమో 104కు ఫోన్ చేసి అడిగారా? అడగకపోతే ఈ రోజే అడగమను. ఆ పని చేయకుండా పోస్టు పెడితే మొదటి కామెంటు అదే వస్తుంది, రావడం న్యాయమే. ఒరిజినల్ బిల్లులు, రసీదులు ఎవరి చేతికీ ఇవ్వొద్దని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పు. రేపు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టాలంటే అవే కావాలి.

ఇక బిల్లుల సంగతి. మీ అమ్మ నాకు పంపిన ఫొటో చూశాను. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద పన్నెండు లక్షలని ఉంది. దాని మీద బిల్లు నంబర్ లేదు, తేదీల వారీ లెక్క లేదు, అంకె పక్కన సుమారు అని రాసి ఉంది. పాపా, అది బిల్లు కాదు, ఎస్టిమేట్. మొత్తం వైద్యానికి ఎంత కావచ్చో ముందుగా వేసిన అంచనా. నీ పోస్టులో "పన్నెండు లక్షల బిల్లు కట్టాలి" అని రాస్తే అది అబద్ధమవుతుంది, నీకు ఆ ఉద్దేశం లేకపోయినా. బిల్లింగ్‌కు వెళ్ళి ఇంటెరిమ్ బిల్లు అడగమను. అంటే ఆ రోజు దాకా అయిన ఖర్చు. రోగిని చేర్చుకున్నప్పుడు ఆసుపత్రి ఇచ్చిన ఐపీ నంబర్ చెబితే ప్రింట్ ఇస్తారు. దాని కింది భాగంలో కట్టిన అడ్వాన్సు, ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నది, మిగిలిన బాకీ ఉంటాయి.

మీ అమ్మ చెప్పిన అంకెలు వేసి చూద్దాం. ఇంతవరకు అయినది 6,40,000. వాళ్ళు కట్టింది 3,50,000. ఇన్సూరెన్స్ లక్ష ఒప్పుకుంది. కాబట్టి ఈ రోజుకు బాకీ 1,90,000. ఇప్పుడు జాగ్రత్తగా చూడు. ఆ ఇన్సూరెన్స్ పాలసీ మూడు లక్షలదట. మొదట లక్షే ఒప్పుకోవడం మామూలే. ఖర్చు పెరిగే కొద్దీ ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ డెస్క్ మళ్ళీ రాసి పంపాలి, దాన్ని ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. పంపారా లేదా అని ఆ అమ్మాయి రోజూ అడగాలి, అడగకపోతే అది బల్ల మీదే ఉండిపోతుంది. అడ్డంకులేమీ రాకుండా ఆ మూడు లక్షలూ వస్తే పన్నెండులో మూడున్నర, మూడు పోగా అడగాల్సింది అయిదున్నర లక్షలు. పన్నెండు కాదు. పోస్టులో ఈ లెక్క మూడు వాక్యాల్లో రాయి: అంచనా ఎంత, కట్టింది ఎంత, ఇన్సూరెన్స్ ఎంత రావచ్చు. దాచకుండా రాసిన లెక్కను జనం నమ్ముతారు.

ఫార్మసీ బిల్లు కూడా చూడమను. జీబీఎస్ అనే నరాల జబ్బు అన్నారు కదా, అందులో పెద్ద ఖర్చు ఒక ఇంజెక్షన్ దగ్గర ఉంటుంది, ఐవీఐజీ అంటారు. మామూలుగా కిలో బరువుకు రెండు గ్రాముల చొప్పున, అయిదు రోజులకు పంచి ఇస్తారు. ఆ అబ్బాయి అరవై కిలోలు ఉంటే నూట ఇరవై గ్రాములు. అయిదు గ్రాముల సీసాలైతే ఇరవై నాలుగు. బిల్లులో ముప్పై కనిపిస్తే కంగారుపడి గొడవకు దిగొద్దు. డాక్టరు డోసు మార్చి ఉండవచ్చు, లేదా వార్డుకు ఎక్కువ తెప్పించి మిగిలినవి తిరిగి ఇచ్చి ఉండవచ్చు. తిరిగిచ్చినవి రిటర్న్స్ అని వేరే వరుసలో మైనస్‌లో పడాలి. పడకపోతే సిస్టర్ దగ్గర ఉన్న మందుల చార్ట్‌తో పోల్చి చూపమని బిల్లింగ్‌లో మర్యాదగా అడగాలి. నా కౌంటర్లో అలా అడిగినవాళ్ళ బిల్లు సరిచేసి ఇచ్చేవాళ్ళం, అడగనివాళ్ళది డిశ్చార్జి రోజు హడావుడిలో అలాగే పోయేది.

ఇప్పుడు అసలు భయం. మీ అమ్మ మాటల మధ్యలో, "వాళ్ళ తమ్ముడి ఫోన్‌పే నంబర్ ఇస్తారంట" అంది. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

ఒకసారి కోడుమూరు దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఉల్లి పండించే రైతు, కొడుకు బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. తండ్రి పేరున ఉన్న ఖాతా చాలా కాలంగా వాడక ఆగిపోయింది. అందుకని ఊళ్ళో పిల్లలు మంచి మనసుతోనే బామ్మర్ది ఖాతా నంబర్ పెట్టి గ్రూపుల్లో తిప్పారు. హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే ఆ ఊరి పిల్లలంతా పంపారు. రెండు రోజుల్లో లక్షా ఎనభై వేలు వచ్చింది. కౌంటర్లో కట్టడానికి వచ్చినప్పుడు చూస్తే డెబ్బై వేలే ఉంది. బామ్మర్దికి అదే బ్యాంకులో ట్రాక్టర్ లోను ఉంది, కంతులు తప్పాయి. వచ్చిన డబ్బులో లక్షా పది వేలు బ్యాంకు బాకీ కింద జమ చేసుకుంది. ఆ పాస్‌బుక్కు నా అద్దం కిటికీ కింద నుంచి లోపలికి తోసి, "సార్, ఇదేమని రాసినారు, చదివి చెప్పండి" అని ఆ తండ్రి అడిగాడు. ఆ వరుసను వేలితో చూపించి చదివింది నేనే.

సరిగ్గా అదే సమయానికి పంపినవాళ్ళు ఫోన్లు మొదలుపెట్టారు. "అకౌంట్ పేరు వేరే వాళ్ళది వస్తా ఉంది, ఎవరు ఇతను?" అని. ఇంకో గ్రూపులో మేనల్లుడెవరో నాలుగు లక్షలు కావాలని రాశాడు, మొదటి దాంట్లో ఆరు లక్షలని ఉంది. పేరు తేడా, అంకె తేడా, పైగా డబ్బు ట్రాక్టర్ లోనుకు పోయిందన్న కబురు. ఊరంతా దొంగలన్నారు. నిజానికి ఎవరూ పైసా తినలేదు. బ్యాంకు మేనేజరును బతిమాలి ఆ డబ్బు వెనక్కి వేయించుకోవడానికి రోజులు పట్టింది, ఈలోగా ఆపరేషన్ అయిన పిల్లవాణ్ణి ప్రభుత్వాసుపత్రికి మార్చుకున్నారు. బతికాడు. కానీ ఆ బామ్మర్ది నా ఎదుట బెంచీ మీద కూర్చుని తల ఎత్తలేకపోయిన తీరు నేను మరిచిపోలేను. అతని ముఖంలో రేపు నీ స్నేహితురాలి తమ్ముణ్ణి చూడాల్సి వస్తుందేమోనని నా బాధ.

అందుకని, వీలైతే డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే పోయేట్టు చూడు. ఆసుపత్రి బ్యాంకు వివరాలు బిల్లింగ్‌లో కాగితం మీద తీసుకోండి, గూగుల్‌లో వెతికి కాదు. నెఫ్ట్ చేసేవాళ్ళు రిమార్క్స్‌లో ఐపీ నంబర్ రాయాలి, పంపిన డబ్బుకు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ మీకు పంపాలి. ఆ నంబర్ బిల్లింగ్‌లో చూపించి రసీదు తీసుకుంటేనే ఆ డబ్బు ఈ రోగి లెక్కలో పడినట్టు. క్రౌడ్‌ఫండింగ్ సైటు ద్వారా చేస్తే, డబ్బు ఆసుపత్రికే పంపిస్తారా, ఎంత కోసుకుంటారు అన్నది మొదలే చదువు.

వ్యక్తి ఖాతా తప్పదంటే రోగిది గానీ భార్యది గానీ, ఆ బ్యాంకులో వాళ్ళకు ఏ లోనూ లేనిది, కేవైసీ పూర్తయినది ఉండాలి. చిన్న ఖాతా కాదని బ్యాంకులో అడిగి రూఢి చేసుకోమను. తక్కువ కాగితాలతో తెరిచే ఆ ఖాతాల్లో ఏడాదికి లక్ష దాటి జమ కాకూడదు, నిల్వ యాభై వేలు దాటకూడదు. పేరు కూడా చూడు. ఆసుపత్రి బిల్లులో Ramanjaneyulu K అని ఉండి, బ్యాంకులో K Ramanjulu అని ఉందనుకో, మన వైపు ఇది మామూలే, కానీ పుణెలో కూర్చుని పంపేవాడికి ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. ఆ సంగతి పోస్టులోనే ఒక వాక్యంలో చెప్పేయి. నెఫ్ట్‌లో బ్యాంకు ఖాతా నంబర్ చూసే జమ చేస్తుంది, పేరు పొంతన చూడదు. నంబర్‌లో ఒక అంకె తప్పితే ఎవరికో పోతుంది. కాబట్టి పోస్టు పెట్టకముందు నువ్వే ఒక రూపాయి పంపి, చేరిందని ఆ అమ్మాయితో చెప్పించుకో.

ఇంకొకటి. మన పోస్టర్‌ను కాపీ చేసి, ఫొటో అలాగే ఉంచి క్యూఆర్ కోడ్ మాత్రం మార్చేసే దుర్మార్గులున్నారు. అందుకే పోస్టులో అక్షరాల్లో రాయి: "పంపే ముందు స్క్రీన్ మీద ఫలానా పేరు కనిపిస్తేనే పిన్ నొక్కండి." యూపీఐలో ఇప్పుడు బ్యాంకులో ఉన్న పేరే చూపిస్తారు కాబట్టి ఈ ఒక్క వాక్యం చాలా దొంగతనాలను ఆపుతుంది. ఆధార్, పాన్ ఫొటోలు పెట్టొద్దు. "దాతను, పెద్ద మొత్తం పంపుతా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయమను. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

రోజూ రాత్రి ఎంత వచ్చింది, ఎంత కట్టారు, రసీదు ఫొటోతో అదే పోస్టు కింద పెట్టు. కావాల్సింది వచ్చేసిన రోజు "ఇక పంపకండి" అని పైనే రాయి, పాత పోస్టర్లు తీసేయమని గ్రూపుల్లో చెప్పు. మిగిలితే ఏం చేస్తారో ఇప్పుడే భార్యతో మాట్లాడి రాయించు. పరిస్థితి వేరుగా అయినా ఆ మాట ముందే అని ఉండాలి తల్లీ, ఆ దుఃఖంలో ఆ అమ్మాయిని ఎవరూ లెక్కలు అడగకూడదు.

వేళకు తిను. నీకు చిన్నప్పటి నుంచీ ఇతరుల పని మీద పడితే అన్నం గుర్తుండదు. రేపు పొద్దున ఇంటెరిమ్ బిల్లు, ఖాతా పాస్‌బుక్కు మొదటి పేజీ, నువ్వు రాసిన పోస్టు మూడూ నాకు వాట్సాప్ చెయ్యి. నేను చూసి ఫోన్ చేసేదాకా పోస్టు పెట్టొద్దు. నా తరఫున అయిదు వేలు రాసుకో, ఆసుపత్రి ఖాతా నంబర్ రాగానే పంపుతాను.

మీ మామయ్య,
కర్నూలు