బ్రేక్ ఈవెన్ లెక్కలో లాభంతో కాదు, కాంట్రిబ్యూషన్‌తో భాగించాలి

ప్రశ్న: కంపెనీ 4,000 యూనిట్లు తయారుచేసి అమ్ముతుంది. ధర 200 రూపాయలు. యూనిట్‌కి మెటీరియల్ 70, లేబర్ 30, ఓవర్‌హెడ్ 80, మొత్తం ఖర్చు 180. ఓవర్‌హెడ్ 4,000 యూనిట్లకు 3,20,000, 5,000 యూనిట్లకు 3,40,000 అని ఇచ్చారు. స్థిర వ్యయం 2,40,000 అని కనుక్కున్నాను. యూనిట్‌కి లాభం 20 కదా అని దాంతో భాగిస్తే బ్రేక్ ఈవెన్ 12,000 వచ్చింది. జవాబు మాత్రం 3,000 అని ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు:

స్థిర వ్యయం వరకు మీరు చేసింది సరిగ్గానే ఉంది. తప్పంతా ఆ 20లోనే ఉంది. 200 నుంచి 180 తీసేసినప్పుడు, ఆ 180లో స్థిర వ్యయం వాటా కూడా ఉంది. 2,40,000ని 4,000 యూనిట్లకు పంచితే ఒక్కోదానిమీద 60 పడుతుంది. అంటే స్థిర వ్యయాన్ని ఒకసారి తీసేశాక మిగిలిందే ఆ 20. దాంతోనే మళ్ళీ అదే స్థిర వ్యయాన్ని కట్టించాలని చూశారు. ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కలోకి వచ్చింది.

డిగ్రీ రెండో ఏడాదిలో నేనూ అచ్చం ఇలాగే చేశాను. మా లెక్చరర్ తప్పు అని కొట్టేయలేదు. ఇదే పద్ధతిలో 5,000 యూనిట్లకు చేసి చూడమన్నారు. మీరూ చేయండి. ఓవర్‌హెడ్ 3,40,000ని 5,000కి పంచితే 68. మెటీరియల్, లేబర్ కలిపి 100. మొత్తం 168. లాభం 32. ఇప్పుడు 2,40,000ని 32తో భాగిస్తే 7,500 వస్తుంది. ధర మారలేదు, స్థిర వ్యయం మారలేదు, మెటీరియల్ ధర మారలేదు. అయినా బ్రేక్ ఈవెన్ 12,000 నుంచి 7,500కి దిగింది. ఎంత తయారుచేస్తున్నామన్నదాన్ని బట్టి మారిపోయేది బ్రేక్ ఈవెన్ పాయింట్ ఎలా అవుతుంది? యూనిట్ లాభం స్థిరంగా ఉండే అంకె కాదని నాకు అప్పుడు అర్థమైంది. స్థిర వ్యయాన్ని ఎన్ని యూనిట్లకు పంచామన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది.

ఎన్ని తయారుచేసినా మారని అంకె ఒకటి కావాలి. అదే కాంట్రిబ్యూషన్. మీరు స్థిర వ్యయం కనుక్కున్న దారిలోనే అది కూడా దొరుకుతుంది. 1,000 యూనిట్లు పెరిగితే ఓవర్‌హెడ్ 20,000 పెరిగింది, అంటే యూనిట్‌కి 20 మాత్రమే ఉత్పత్తితోపాటు పెరిగే ఖర్చు. 4,000 యూనిట్లకు అది 80,000. 3,20,000లో అది పోగా మిగిలిన 2,40,000 స్థిర వ్యయం. ఓవర్‌హెడ్ 80 అని ఒకే ముద్దగా ఇచ్చారు గానీ అందులో చర వ్యయం 20, స్థిర వ్యయం 60 ఉన్నాయి. ఈ విడదీయడమే అసలు పని. పరీక్షలో చాలామంది ఆ 80 మొత్తాన్నీ చర వ్యయంలో వేసేస్తారు.

ఇప్పుడు యూనిట్ చర వ్యయం 70, 30, 20 కలిపి 120. ధర 200లోంచి అది పోగా 80 మిగులుతుంది, ఇదే యూనిట్ కాంట్రిబ్యూషన్. దీన్ని లాభం అనకండి, ఇంకా లాభం కాలేదు. మొదట్లో ఒక్క యూనిట్ కూడా అమ్మకముందు కంపెనీ ఎక్కడ ఉందో ఊహించుకోండి: సరిగ్గా 2,40,000 నష్టంలో ఉంది. మొదటి యూనిట్ అమ్మగానే 80 వచ్చి, నష్టం 2,39,920 అవుతుంది. వెయ్యో యూనిట్‌కి నష్టం 1,60,000. రెండువేలకు 80,000. మూడువేలో యూనిట్‌తో సున్నా. 2,40,000 ÷ 80 = 3,000 అన్న సూత్రం చెప్పేది ఇంతే. అక్కడి నుంచి ఆ 80 పేరు మారుతుంది. 3,001వ యూనిట్ మీద వచ్చే 80కి కట్టాల్సిన స్థిర వ్యయం ఏమీ లేదు కాబట్టి మొత్తం లాభమే.

4,000 అమ్మితే బ్రేక్ ఈవెన్ దాటినవి 1,000 యూనిట్లు. ఒక్కోదానికి 80 చొప్పున లాభం 80,000. మీ లెక్కలోనూ 4,000 × 20 = 80,000. రెండూ కలిశాయి చూడండి. ఈ తప్పు దొరకకపోవడానికి కారణం ఇదే: 4,000 దగ్గర మీ 20 నిజమైన జవాబే ఇస్తుంది. అక్కడి నుంచి కదిలితేనే తప్పుతుంది. 2,500 యూనిట్లే అమ్మితే ఏమవుతుంది? యూనిట్‌కి 20 లాభం అనుకుంటే 50,000 లాభం రావాలి. నిజానికి 500 యూనిట్లు తక్కువయ్యాయి కాబట్టి 40,000 నష్టం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే విషయం నాకు మరో రూపంలో ఎదురైంది. అంకెలు మీ లెక్కవే వాడతాను. 4,000 యూనిట్లు తయారయ్యాయి, 3,000 అమ్ముడుపోయాయి, ప్రారంభ సరుకు లేదు. నా లెక్క ప్రకారం లాభం సున్నా. అకౌంట్స్ ఇచ్చిన రిపోర్ట్‌లో మాత్రం 60,000 లాభం ఉంది. రెండు రోజులు నా షీట్‌లోనే తప్పు వెతికాను. తప్పు లేదు. మిగిలిపోయిన 1,000 యూనిట్లను వాళ్ళు 180 చొప్పున ముగింపు సరుకుగా చూపించారు. అందులో యూనిట్‌కి 60 చొప్పున 60,000 స్థిర వ్యయం గోదాములోని సరుకు విలువలో కూర్చుంది, ఆ నెల ఖర్చులోకి రాలేదు. అబ్జార్ప్షన్ కాస్టింగ్ ప్రకారం అది సరైన పద్ధతే, ఆర్థిక నివేదికలకు అలాగే చూపుతారు. నేను వాడింది మార్జినల్ కాస్టింగ్, అందులో సరుకును 120కే చూపించి స్థిర వ్యయం మొత్తాన్నీ ఆ నెలకే రాస్తాం. అమ్మకం పెరగకుండా ఉత్పత్తి మాత్రం పెంచినా రిపోర్ట్‌లో లాభం పెరుగుతుందని తెలిసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అందుకే లెక్కలో తయారైనవీ అమ్ముడైనవీ వేరువేరుగా ఇస్తే ముందు ఆగి, ఏ పద్ధతి అడిగారో చూసుకోండి. మీ లెక్కలో తయారైనవన్నీ అమ్ముడయ్యాయి కాబట్టి ఈ తేడా రాలేదు.

ఒక జాగ్రత్త. 2,40,000 అన్నది ఏ ఉత్పత్తి వరకైనా అలాగే ఉంటుందనుకోకూడదు. 6,000 దాటాక రెండో షిఫ్ట్ పెట్టి, దానికి 60,000 అదనపు జీతాలు ఖాయమైతే స్థిర వ్యయం 3,00,000 అవుతుంది, బ్రేక్ ఈవెన్ 3,750కి జరుగుతుంది. ఇచ్చిన రెండు ఉత్పత్తి స్థాయిల మధ్య ఇలాంటి మెట్టు ఏదైనా ఉంటే, తేడాను తేడాతో భాగించే పద్ధతి చర వ్యయాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది.

పరీక్షలో జవాబు వచ్చాక దాన్ని మళ్ళీ లెక్కలో పెట్టి చూడటానికి ఒక్క నిమిషం చాలు. మీ 12,000నే పెట్టండి: కాంట్రిబ్యూషన్ 9,60,000, స్థిర వ్యయం 2,40,000 పోగా 7,20,000 లాభం. 3,000 పెడితే అమ్మకాలు 6,00,000, చర వ్యయం 3,60,000, స్థిర వ్యయం 2,40,000, మిగిలేది సున్నా.