లాభం పెరిగినా ఆర్‌ఓఈ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: సర్, ఎంబీఏ ఫైనాన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ఈక్విటీ రీసెర్చ్ ఉద్యోగానికి మాక్ ఇంటర్వ్యూలో ఒక కంపెనీ అంకెలు ఇచ్చారు. మొదటి ఏడాది అమ్మకాలు 1,000 కోట్లు, నికర లాభం 80, ఆస్తులు 800, ఈక్విటీ 400. మరుసటి ఏడాది 1,100, 88, 1,000, 550. ఆర్‌ఓఈ 20 శాతం నుంచి 16కి ఎందుకు పడిందని అడిగారు. డ్యూపాంట్ సూత్రం వచ్చు కానీ కారణం చెప్పలేకపోయాను. ఎలా సిద్ధపడాలి?

జవాబు: ముందు మూడు ముక్కలనూ విడివిడిగా లెక్కగట్టండి. లాభాన్ని అమ్మకాలతో భాగిస్తే రెండేళ్లూ 8 శాతమే వస్తుంది, కాబట్టి మార్జిన్‌ను పక్కన పెట్టవచ్చు. అమ్మకాలను ఆస్తులతో భాగిస్తే వచ్చే టర్నోవర్ 1.25 నుంచి 1.10కి తగ్గింది. ఆస్తులను ఈక్విటీతో భాగిస్తే వచ్చే లెవరేజ్ 2 నుంచి 1.82కి దిగింది. లెవరేజ్ 2 దగ్గరే ఉండి ఉంటే ఆర్‌ఓఈ 17.6 అయ్యేది. అంటే పోయిన 4 పాయింట్లలో 2.4 టర్నోవర్ వల్ల, మిగిలిన 1.6 లెవరేజ్ వల్ల. లెవరేజ్‌తో మొదలుపెడితే ఈ వాటాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, కానీ పెద్ద వాటా టర్నోవర్‌దే.

చాలామంది విద్యార్థులు ఇక్కడితో ఆగిపోతారు. అడిగేవారు అసలు వినాలనుకునేది దీని తర్వాతి మాట. టర్నోవర్ ఎందుకు తగ్గిందో సూత్రం చెప్పదు, బ్యాలెన్స్ షీటు చెబుతుంది. కొత్తగా చేరిన 200 కోట్ల ఆస్తులు ఏ పద్దులో ఉన్నాయో చూడండి. అందులో 120 కోట్లు ‘క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ కింద ఉన్నాయనుకోండి. అది ఇంకా కట్టడంలో ఉన్న ప్లాంటు, ఒక్క రూపాయి అమ్మకమూ తేలేదు. దాన్ని తీసేసి 1,100ను 880తో భాగిస్తే మళ్లీ 1.25 వస్తుంది. అంటే పాత వ్యాపారం మందగించలేదు. ప్లాంటు ఎప్పుడు మొదలవుతుందన్నదే తర్వాత అడగాల్సిన ప్రశ్న. అదే 120 కోట్లు రావలసిన బాకీల్లో పెరిగి ఉంటే కథ వేరు. సరుకు పోయింది, డబ్బు రాలేదు. అప్పుడు బాకీలు ఎన్ని రోజుల అమ్మకాలకు సమానమో రెండేళ్లకూ లెక్కించి, ఆ తేడా చెప్పండి.

లెవరేజ్ విషయంలో ఈక్విటీ 150 కోట్లు ఎలా పెరిగిందో చూడండి. 88 కోట్ల లాభం మొత్తం అట్టేపెట్టుకున్నా అంత రాదు, కాబట్టి కొత్త షేర్లు అమ్మి ఉండవచ్చు. అవి మార్చిలో అమ్మినవైతే ఆ డబ్బు ఏడాదంతా పనిచేయలేదు. అందుకే ఏడాది చివరి అంకెలకు బదులు ఆరంభ, ముగింపు అంకెల సగటుతో కూడా లెక్క చూపించండి.

మార్జిన్‌ను పక్కన పెట్టమన్నాను కానీ, ఒకసారి తిరిగి చూడాలి. నికర లాభం వడ్డీ కట్టాక మిగిలేది. కొత్త డబ్బుతో అప్పు తీర్చి వడ్డీ తగ్గినా మార్జిన్ 8 దగ్గరే ఉందంటే, పన్ను రేటు మారకపోతే, వడ్డీకి ముందు లాభం అమ్మకాల్లో శాతంగా తగ్గినట్లే. ఆ అంకెను రెండేళ్లకూ పక్కపక్కన రాసుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి.