నైట్ మ్యాచ్‌లో అసలు ఖర్చు యూనిట్లది కాదు

"క్రికెట్ గ్రౌండ్‌లో ఫ్లడ్‌లైట్ల లోడ్ ఎంత ఉంటుంది? ఒక్క మ్యాచ్‌కి ఎన్ని యూనిట్లు కాలతాయి, ఎంత ఖర్చవుతుంది?"

మాది హిందూపురం. బెంగళూరు శివార్లలో ఒక ప్రైవేట్ గ్రౌండ్‌లో ఎనిమిదేళ్లు ఎలక్ట్రికల్ పని చూశాను. అక్కడ ఆరు స్తంభాలు, ఒక్కోదానికి ఎనిమిది చొప్పున 48 మెటల్ హలైడ్ లైట్లు. లైటు మీద 2,000 వాట్లని రాసుంటుంది కానీ చోక్ తినేదీ కలిపితే 2,200 దాకా లాగుతుంది. అన్నీ కలిపి 105 కిలోవాట్లు. టీ20కి ముందు వేడెక్కే సమయం, తర్వాత జనం వెళ్లే సమయం కలిపి నాలుగున్నర గంటలు వెలగాలి. అంటే 475 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే 4,275.

అందరూ ఇక్కడే లెక్క ఆపేస్తారు. నాకు కోపం వచ్చేదీ ఇక్కడే. ఆ లోడుకి 120 కేవీఏ శాంక్షన్, అంటే ఒకేసారి అంత కరెంటు లాగడానికి కరెంటు కంపెనీ అనుమతి, తీసుకోవాలి. కేవీఏకి నెలకు 350 చొప్పున వేసుకున్నా డిమాండ్ చార్జీయే 42,000. మ్యాచ్‌లు లేని నెలలోనూ దాదాపు అంతే వస్తుంది. నెలకు నాలుగు మ్యాచ్‌లైతే ఒక్కోదాని మీద 10,500 పడుతుంది, కాలిన కరెంటుకి రెండింతల పైనే.

పోనీ జనరేటర్ పెడదామంటే, లీటరు డీజిల్‌కి మూడున్నర యూనిట్లు కూడా రావు. మ్యాచ్‌కి 140 లీటర్లు కావాలి, అద్దె వేరే. అయినా పెద్ద మ్యాచ్‌లకి జనరేటరే ఎందుకు నడుపుతారో ఒక రాత్రి నాకు బాగా అర్థమైంది. పద్నాలుగో ఓవర్‌లో కరెంటు రెండంటే రెండు సెకన్లు పోయి వచ్చింది. 48 లైట్లూ ఆరిపోయాయి. మా కుర్రాడు "అన్నా, సప్లై ఉంది, లైట్లు రావట్లేదు" అంటూ మెయిన్ ఆపి, మళ్లీ వేస్తున్నాడు. "వదిలెయ్‌రా, చల్లారాలి" అన్నాను. వేడి మీదున్న ట్యూబులో గ్యాస్ ప్రెజర్ ఎక్కువగా ఉంటుంది, లైటుని అంటించే ఇగ్నైటర్ కొట్టే పల్స్ దానికి చాలదు. పన్నెండు నిమిషాలకు ఒక్కొక్కటే నీలంగా మిణుకుమంటూ మొదలై, తెల్లబడటానికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది. అప్పటిదాకా ఇరవై రెండు మంది ఫోన్ల వెలుగులో నిలబడ్డారు.

తర్వాత 1,200 వాట్ల ఎల్ఈడీలు పెట్టాం. అవి స్విచ్ వేయగానే వెలుగుతాయి. లోడ్ 58 కిలోవాట్లకు, మ్యాచ్‌కి యూనిట్లు 260కి దిగాయి. అయినా మొదటి నెల బిల్లు చూసి ఓనర్‌కి కంగారొచ్చింది, తగ్గింది కొంచెమే. శాంక్షన్ లోడ్ ఇంకా 120 దగ్గరే ఉంది మరి. దాన్ని 70కి తగ్గించమని అర్జీ పెట్టాకే డిమాండ్ చార్జీ 24,500కి వచ్చింది. మీరూ లైట్లు మారుస్తుంటే ఆ అర్జీ అదే వారం పెట్టేయండి.