బడి యూనిఫామ్‌ల ఆర్డరుకు ఇంటి మిషన్ చాలదా, అక్కా?

“అక్కా, ఆదోనిలో ఒక ప్రైవేటు బడివాళ్లు యూనిఫామ్‌లు కుట్టే పని నాకే ఇస్తామంటున్నారు. తెల్ల చొక్కాలు, నీలం ప్యాంట్లు. జిగ్‌జాగ్, కాజాలు అన్నీ చేసే ఇంటి మిషన్ కొంటే సరిపోదా? మీ యూనిట్‌లో ఉండే పెద్ద మిషనే కావాలా?”

చెల్లీ,

ఈ పనికి సర్వో మోటారు ఉన్న సింగిల్ నీడిల్ పవర్ మిషనే కొను. జాకెట్లు, ఫాల్స్ వరకే నీ పని అయితే ఇంటి మిషనే మేలని నేనే చెప్పేదాన్ని.

షాపులో నీకు ముందుగా వేగం గురించి చెబుతారు. ఇంటి మిషన్ నిమిషానికి సుమారు 800 కుట్లు వేస్తే, పవర్ మిషన్ 4000 దాటి వేస్తుంది. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మీటరుకు 400 కుట్లు పడతాయి కాబట్టి, మీటరు పొడవున్న ప్యాంటు పక్క కుట్టుకు ఇంటి మిషన్ అర నిమిషం తీసుకుంటుంది. పవర్ మిషన్‌ను 3000 మీద నడిపినా ఎనిమిది సెకన్లలో అయిపోతుంది. అయితే గుడ్డ సర్దుకోవడానికి, తిప్పుకోవడానికి, దారం కత్తిరించడానికి పట్టే సమయం ఏ మిషన్ మీదైనా ఒకటే. అందుకని సాయంత్రానికి నాలుగింతల ప్యాంట్లు తయారవుతాయని లెక్క వేసుకోకు.

నేను పవర్ మిషన్ కొనమనడానికి అసలు కారణం మందం. ప్యాంటు నడుము దగ్గర బెల్టు లూపు కుట్టే చోటు చూడు. లూపు పట్టీయే మూడు పొరలు, దాని కొసను లోపలికి మడిస్తే ఆరు, కింద నడుము పట్టీ రెండు పొరలు, వాటి మధ్య బక్రం. అన్నీ కలిపి తొమ్మిది. ఇంటి మిషన్ అక్కడికి రాగానే మోటారు గుర్రుమంటుంది కానీ సూది దిగదు, చక్రాన్ని చేత్తో తిప్పాల్సి వస్తుంది. దిగినా, పాదం ముందుభాగం పైకి లేచి గుడ్డ జరగక, మూడు నాలుగు కుట్లు ఒకేచోట చిక్కగా పడి, ఆ వెంటనే ఒకటి పొడుగ్గా సాగుతుంది. ఎవరి దగ్గరైనా ఇంటి మిషన్ మీద కుట్టిన ప్యాంటు ఉంటే లూపుల దగ్గర ఒకసారి చూడు, నీకే తెలుస్తుంది. ఒక ప్యాంటుకైతే ఓపిక పట్టవచ్చు. ప్యాంటుకు ఐదారు లూపుల చొప్పున పొద్దస్తమానం కుడితే ఆ చిన్న మోటారు వేడెక్కి వాసన వస్తుంది. గంటల తరబడి ఆగకుండా తిరగడానికి దాన్ని తయారు చేయలేదు.

రాయదుర్గంలో మేము కుట్టేది జీన్స్ కాబట్టి మావి హెవీ రకం మిషన్లు. నువ్వు వాటిని చూసి అదే అడగవద్దు. పలచని తెల్ల చొక్కా గుడ్డను హెవీ మిషన్ పళ్లు పట్టి ముడతలు పెడతాయి. మీడియం రకం అడుగు. చొక్కాకు 11 నంబరు సూది, ప్యాంటుకు 14 లేదా 16 వేసుకుంటే రెండూ నడుస్తాయి. దీని సూది కాడ గుండ్రంగా ఉంటుంది, ఇంటి మిషన్ సూది ఇందులో పట్టదు. పొడవాటి గాడి ఎడమవైపు ఉండేలా పెట్టాలి. కొంచెం పక్కకు తిరిగినా కుట్లు తప్పుతాయి, దారం తెగుతుంది.

తెల్ల చొక్కాల విషయంలో నీకు పవర్ మిషన్‌తో వచ్చే చిక్కు నూనె. సాధారణ రకాల్లో తల కింద నూనె తొట్టి ఉంటుంది, కొత్తది వచ్చేటప్పుడు అది ఖాళీగా ఉంటుంది. పై గీత వరకు మిషన్ నూనె పోయకుండా స్విచ్ వేయవద్దు. నడిచేటప్పుడు పైనున్న చిన్న అద్దంలో నూనె చిందుతూ కనిపించాలి. కనిపించకపోతే వెంటనే ఆపు. బాబిన్ దగ్గర తిరిగే హుక్కుకు నూనె ఎక్కువైతే కింది దారం తడిసి, కుట్టు పొడవునా పసుపు చార పడుతుంది. అందుకే దారం తీసేసి, పాదం పైకి లేపి, హుక్కు పక్కన, దానికి తగలకుండా కాగితం ముక్క పట్టి కొన్ని సెకన్లు నడుపు. సన్నని నూనె గీత పడితే సరి, వెడల్పుగా చిందితే నూనె మరను తగ్గించమని మెకానిక్‌తో చెప్పు. పొద్దున్నే మొదటి చొక్కా పట్టేముందు పాత గుడ్డ మీద కాసేపు కుట్టడం మా యూనిట్‌లో అలవాటు.

క్లచ్ మోటారుది చవకగా ఇస్తామంటారు, తీసుకోకు. నువ్వు కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతుంది, ఇంట్లో ఆ మోత భరించలేరు. సర్వో కుట్టేటప్పుడే తిరుగుతుంది, వేగాన్ని బటన్లతో తగ్గించుకోవచ్చు. నీకు చెయ్యి కుదిరేవరకు 1500 దగ్గర పెట్టుకో.

ఇది తిన్నని కుట్టు తప్ప మరేదీ వేయదు. కాజాలు బయట వేయించు, అంచులకు ఓవర్‌లాక్ తర్వాత చూసుకోవచ్చు. నీ తొక్కుడు మిషన్‌ను మాత్రం అమ్మకు, కరెంటు పోయినప్పుడు చిన్న సవరింపులు దాని మీద సాగుతాయి. డబ్బు కట్టేముందు నీ చొక్కా గుడ్డ, ప్యాంటు గుడ్డ, బక్రం షాపుకు తీసుకెళ్లి, లూపు మడత నువ్వే కుట్టి చూడు.

— మీ అక్క