పోస్టర్ దగ్గర ఆగినాయన రేపు రివ్యూయరా, కోఆథరా?

ప్రశ్న: "హైదరాబాద్‌లో భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. డిసెంబరులో అమెరికాలో భూవిజ్ఞానులు ఏటా పెట్టుకునే ఏజీయూ ఫాల్ మీటింగ్‌లో పోస్టర్ ఉంది, మొదటిసారి వెళ్తున్నాను. 'నీ పేపర్ రివ్యూ చేసేవాళ్ళంతా అక్కడే తిరుగుతుంటారు, పరిచయాలు చేసుకో' అంటున్నారు మా గైడ్. ఇది సరైన పనేనా? అంత జనంలో ఎవర్ని కలవాలి, ఏం మాట్లాడాలి?"

సరైన పనే. కాకపోతే ఒక్కటి ముందే తెలుసుకుని వెళ్ళండి. ఒకే మనిషి మీకు కోఆథరూ, రివ్యూయరూ రెండూ కాలేరు. అమెరికాలో పరిశోధనలకి ప్రభుత్వ నిధులిచ్చే ఎన్ఎస్ఎఫ్‌కి ప్రపోజల్ పెట్టేటప్పుడు గత 48 నెలల్లో మనతో కలిసి పేపర్లు రాసినవాళ్ళ జాబితా ఇవ్వాలి. వాళ్ళని రివ్యూకి దూరంగా ఉంచడానికే ఆ జాబితా. పీహెచ్‌డీ గైడ్ పేరైతే ఎన్నేళ్ళైనా అందులో ఉండాల్సిందే. జర్నళ్ళలో గడువు అటూ ఇటూగా ఉంటుంది గానీ లెక్క అదే. పోస్టర్ ముందు అరగంట వాదించుకున్నంత మాత్రాన మాత్రం ఏ అడ్డూ రాదు. అందుకని వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడే, ఈయనతో కలిసి పని చేస్తే బాగుంటుందా, బయటే ఉండి నా పని చూస్తే బాగుంటుందా అని ఒక పక్క ఆలోచించుకోవాలి.

నా సంగతి చెప్తాను, మీ సబ్జెక్టే కాబట్టి. నా పీహెచ్‌డీ పోస్టర్, గురుత్వాకర్షణలో మార్పుల్ని బట్టి నీటి హెచ్చుతగ్గులు పసిగట్టే గ్రేస్ ఉపగ్రహాల డేటాతో తెలంగాణ గ్రానైట్ ప్రాంతంలో నీటి నిల్వ ఎంత తగ్గుతోందన్న దాని మీద. ఉపగ్రహం చెప్పిన అంకెను బావుల్లో కొలిచిన నీటిమట్టంతో పోల్చి చూపించాను. బావిలో మట్టం మీటర్లలో తెలుస్తుంది. దాన్ని నీటి పరిమాణంగా మార్చాలంటే స్పెసిఫిక్ ఈల్డ్‌తో, అంటే మట్టం పడినప్పుడు రాయి తన పరిమాణంలో ఎంత శాతం నీరు వదులుతుందో ఆ అంకెతో గుణించాలి. మన దేశంలో భూగర్భజలాల అంచనాకు వాడే ప్రమాణాల్లో శిథిల గ్రానైట్‌కి బంకమన్ను తక్కువుంటే 3 శాతం, బాగా ఉంటే 1.5 శాతం అని ఉంటుంది. మట్టం 5 మీటర్లు పడిందనుకోండి. 3 శాతం పెడితే 150 మిల్లీమీటర్ల నీరు పోయినట్టు, 1.5 పెడితే 75 మాత్రమే. ఉపగ్రహం, బావులు ఒకే మాట చెప్తున్నాయా లేదా అన్నది ఈ ఒక్క అంకె మీద తిరిగిపోతుంది.

ఒక పెద్దాయన వచ్చి, నేను నోరు తెరవకముందే పోస్టర్ కింద మూలన చిన్న అక్షరాల్లో ఉన్న పద్ధతుల డబ్బా దగ్గర వంగి చదివారు. "ఈ బావుల్లో బంకమన్ను ఎంతుందో మీకెలా తెలుసు?" అన్నారు. అంతే, ఇంకో ప్రశ్న లేదు. నేను రెండు అంకెలతోనూ గీసిన గ్రాఫ్ లాప్‌టాప్‌లో చూపిస్తే, "ఇది పోస్టర్ మీద ఉండాల్సింది" అని వెళ్ళిపోయారు. ఇంకాసేపటికి ఫ్రాన్స్ నుంచి ఒకావిడ వచ్చింది. హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో మన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, ఫ్రెంచి భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి చేసిన పని ఆవిడకి బాగా తెలుసు. అక్కడ స్పెసిఫిక్ ఈల్డ్ 1.4 శాతం చుట్టుపక్కల వచ్చింది. ఆవిడ నన్ను ప్రశ్న అడగలేదు. "ఇలాంటి రాయిలోనే చేసిన పంపింగ్ టెస్టులు మా దగ్గర ఉన్నాయి, కావాలా?" అంది.

ఇద్దరూ మాట్లాడింది ఒకే అంకె గురించి. ఆవిడ దగ్గర నాకు లేని డేటా ఉంది, అందుకే తర్వాతి పేపర్‌లో కోఆథర్ అయింది. పెద్దాయన దగ్గరున్నది అనుమానం. అలాంటాయన్ని కోఆథర్ చేసుకుంటే ఆ అనుమానం నాకు రివ్యూలో దొరకదు. పేపర్ పంపేటప్పుడు జర్నల్ అడిగిన రివ్యూయర్ల పేర్లలో ఆయన పేరు ఇచ్చాను. ఎడిటర్ ఆయనకే పంపారో లేదో తెలీదు, తెలియకూడదు కూడా. కానీ మొదటి రివ్యూలో మొదటి ప్రశ్న బంకమన్ను గురించే వచ్చింది, అప్పటికే రెండు అంకెలకీ వేరే సెక్షన్ రాసి ఉంచాను. అందుకే పోస్టర్ దగ్గర చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, జనం పల్చబడగానే ప్రశ్నలు అడిగినట్టే రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత వచ్చే రివ్యూ రిపోర్టులో సగం అక్కడే ఉంటుంది.

ఇక ఎవర్ని కలవాలన్నది. ఏజీయూలో పాతిక వేల మంది తిరిగిన ఏళ్ళున్నాయి, హాల్లో ఊరికే నడిస్తే కాళ్ళ నొప్పులే మిగుల్తాయి. ప్రోగ్రాంలో పోస్టర్‌కి H33K-1842 లాంటి కోడ్ ఉంటుంది. H అంటే హైడ్రాలజీ, మొదటి 3 బుధవారం, రెండో 3 మధ్యాహ్నం, K మీ సెషన్. ఒకే సెషన్ పోస్టర్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మీకు కావలసినవాళ్ళలో చాలామంది కుడి ఎడమల్లోనే దొరుకుతారు. మీ సెషన్ కన్వీనర్ల పేర్లు చూడండి, ఆ సబ్జెక్టు జర్నళ్ళలో అసోసియేట్ ఎడిటర్లుగా ఉండేవాళ్ళు వాళ్ళలో తరచు కనిపిస్తారు. మీ పేపర్‌లో రెండు మూడు సార్లు ఉదహరించినవాళ్ళలో ఎవరొస్తున్నారో వెతకండి. వారం ముందు అలాంటి ముగ్గురు నలుగురికి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. మీ పేపర్‌లో ఫలానా గ్రాఫ్ వాడుకున్నాను, దాని మీద ఒక సందేహం ఉంది, బుధవారం మధ్యాహ్నం ఈ నంబరు దగ్గర ఉంటాను. సీవీ జతచెయ్యకండి. జవాబు రాకపోయినా, ఎదురుపడినప్పుడు "మెయిల్ పెట్టింది నేనే" అని మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

పోస్టర్‌కి అడ్డంగా నిలబడకండి, పక్కకి జరగండి. వచ్చినాయనకి మొత్తం అప్పజెప్పకుండా ముందు "మీరు దేని మీద పని చేస్తున్నారు?" అని అడగండి. రిమోట్ సెన్సింగ్ మనిషైతే బావుల సంగతి చెప్పండి, బావుల మనిషైతే ఉపగ్రహం సంగతి. ఎదుటివాళ్ళకి తెలిసిన సగం వినిపిస్తే రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. మనవాళ్ళకి ఇంకో అలవాటుంది: పెద్ద ప్రొఫెసర్ రాగానే చేతులు కట్టుకుని "ఎస్ సార్" అంటూ అన్నిటికీ తలూపడం. ఆయన మనసులో పెట్టుకునేది ఒప్పుకున్నవాణ్ణి కాదు, "అది కాదండీ, ఈ గ్రాఫ్ చూడండి" అన్నవాణ్ణి. మధ్యాహ్నం సెషన్లలో మూడున్నర ప్రాంతంలో హాల్లో బీరు పోస్తుంటారు. మీరు తాగినా తాగకపోయినా ఆ వేళకి మీ బోర్డు దగ్గరే ఉండండి. పొద్దున కంటే అప్పుడే నిలబడి మాట్లాడతారు.

కారిడార్‌లో ఎడిటర్ కనిపిస్తే మీరు పంపి ఉన్న పేపర్ ఊసెత్తకండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు కాఫీ లైన్‌లో ఒకాయన్ని "రెండో రివ్యూయర్ మీరేనా?" అని నవ్వుతూ అడిగేశాడు. ఆయన ఔననలేదు, కాదనలేదు, కప్పు పట్టుకుని వెళ్ళిపోయారు. ఎడిటర్‌తో మాట్లాడదగ్గ సంగతి వేరే ఉంది: "ఫలానా పద్ధతి మీద పేపర్లొస్తే నేను రివ్యూ చెయ్యగలను." అడిగిన రివ్యూయర్లలో చాలామంది కాదంటుంటారు గనక ఆ మాట ఎడిటర్‌కి గుర్తుంటుంది. పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళకీ అలా పిలుపులొస్తాయి.

తిరిగొచ్చాక జర్నల్‌కి పేర్లు ఇచ్చేటప్పుడు వాళ్ళ యూనివర్సిటీ మెయిలే ఇవ్వండి, జీమెయిల్ వద్దు. 2015లో దొంగ మెయిళ్ళతో తమ పేపర్లు తామే రివ్యూ చేయించుకున్న బాగోతం బయటపడి బయోమెడ్ సెంట్రల్ 43, స్ప్రింగర్ 64 పేపర్లు వెనక్కి తీసుకున్నాయి. అప్పట్నుంచి రచయితలిచ్చే పేర్లను ఎడిటర్లు ఒక కంట కనిపెడుతూనే ఉన్నారు. మీ గైడ్‌తో ఈమధ్య పేపర్ రాసినవాళ్ళ పేర్లూ ఇవ్వకండి. మీకు తెలీకపోయినా ఎడిటర్ రెండు నిమిషాల్లో వెతికి పట్టుకుంటారు.