రాయి, గిన్నె, నీళ్ళు: వర్క్‌షీట్ రాయబోతున్న చిన్నీకి

చిన్నీ,

నువ్వు ఎనిమిదో తరగతి పిల్లలకి పీడనం మీద, తేలడం మునగడం మీద సొంతంగా వర్క్‌షీట్ తయారు చేస్తున్నావని నిన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ పాఠంలో నేను పడ్డ గోతిలో నువ్వు కూడా పడతావేమోనని భయం. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తేలికైన ప్రశ్నల గురించి నీకు చెప్పాల్సిన పని లేదు. స్కూల్ బ్యాగుకి పట్టీలు వెడల్పుగా ఎందుకుంటాయి, మొండి కత్తితో టమాటా ఎందుకు తెగదు, ఉప్పు నీళ్ళలో గుడ్డు ఎందుకు లేస్తుంది, ఇవి రాసెయ్. "బరువైనవి మునుగుతాయి" అన్న మాట మాత్రం జవాబుల్లో ఎక్కడా రానివ్వకు. గుండుసూది మునుగుతుంది, మొద్దు తేలుతుంది.

ఇప్పుడు నా గొయ్యి సంగతి. చాలా ఏళ్ళ కిందట యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాను. తొట్టిలో నీళ్ళున్నాయి. వాటి మీద స్టీలు గిన్నె తేలుతోంది, గిన్నెలో రాయి ఉంది. ఆ రాయిని తీసి తొట్టి నీళ్ళలో వేస్తే నీటి మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? నేను రాసుకున్న జవాబు "అలాగే ఉంటుంది". ఎందుకలా రాశానంటే, ముందు రోజే క్లాసులో గ్లాసులో ఐసుముక్క కరిగితే మట్టం మారదని చూపించాను. తొట్టిలో ఉన్న వస్తువులు అవే కదా, బరువు ఎటు పోతుంది అనుకున్నాను. ఒక్క అమ్మాయి "తగ్గుతుంది, గిన్నెలో ఉన్నప్పుడు రాయి ఎక్కువ నీళ్ళు తోస్తుంది" అని రాసింది. ఎర్ర సిరాతో ఇంటూ పెట్టాను. ఆ పిల్ల పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "చూద్దాం రా" అని స్కూల్లో ఉన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టి నింపి, పిల్లలందరి ముందు చేసి చూపించాను. మట్టం కదిలినట్టు అనిపించలేదు. పిల్ల తల దించుకుని బెంచీకి వెళ్ళిపోయింది.

దీపావళి సెలవుల్లో మీ అన్నయ్యకి అదే చూపించబోయాను. ఇంట్లో తొట్టి లేదు, పప్పులు పోసుకునే స్టీలు డబ్బా తీసుకున్నాను. అదే రాయి, అదే గిన్నె. రాయిని నీళ్ళలోకి దించి చూస్తే, డబ్బా లోపలి గోడ మీద తడి గీత పైన ఉండిపోయింది. నీళ్ళు దాని కిందికి దిగాయి, దగ్గర దగ్గర వేలెడు వెడల్పు. నాకు చెమటలు పట్టాయి చిన్నీ. అక్కడే కింద కూర్చుని లెక్క వేశాను.

రాయి 540 గ్రాముల గ్రానైట్ ముక్క, ఘనపరిమాణం 200 మిల్లీలీటర్లు. గిన్నెలో కూర్చుని తేలుతున్నంత సేపూ రాయి తన బరువుకి సరిపడా నీళ్ళని పక్కకి తోయాలి, అంటే 540 మిల్లీలీటర్లు. అడుగుకి చేరాక తన ఒంటికి పట్టేంత చోటులోని నీళ్ళనే తోస్తుంది, అంటే 200. మిగతా 340 గ్రాముల బరువుని డబ్బా అడుగు మోస్తుంది. గిన్నె రెండు సార్లూ తేలుతూనే ఉంది కాబట్టి దాని వాటా మారదు. తేడా 340 మిల్లీలీటర్లు. డబ్బా 20 సెంటీమీటర్ల వెడల్పు, అందులో మట్టం సెంటీమీటరు పైనే దిగుతుంది. తొట్టి వెడల్పు 50 సెంటీమీటర్లు. అందులో అవే నీళ్ళు రెండు మిల్లీమీటర్లు కూడా దిగవు. పిల్లలు మూగి, నీళ్ళు అలలాడుతుంటే అది ఎవరికి కనిపిస్తుంది? అంటే నేను చేసిన ప్రయోగం నా తప్పుని దాచిపెట్టింది.

సెలవులయ్యాక వెళ్ళేసరికి ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి ట్రాన్స్‌ఫరై ఊరు మారిపోయారు. ఆ పేపరు మీద ఇంటూ అలాగే ఉండిపోయింది.

ఈ ప్రశ్న నువ్వు తప్పకుండా పెట్టు. పెట్టే పద్ధతి చెప్తాను. ముందు జవాబు ఊహించి పెన్నుతో రాయమను, పెన్సిల్ వద్దు, చెరిపేస్తారు. తరువాత గోడలు నిటారుగా ఉన్న డబ్బాలో చెయ్యమను. నీటి మట్టం దగ్గర బయట రబ్బరు బ్యాండు వేస్తే స్టీలు డబ్బాకి పనికిరాదు, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా అయితేనే మంచిది. ఆ వెంటనే రాయి బదులు చెక్కముక్కతో అదే ప్రశ్న అడుగు. చెక్క గిన్నెలో ఉన్నా నీళ్ళలో ఉన్నా తేలుతూనే ఉంటుంది, తన బరువంత నీళ్ళే తోస్తుంది, మట్టం మారదు. ఐసు కథా అదే. ఈ రెండూ పక్కపక్కన ఉంటేనే పిల్లలకి తేడా తెలుస్తుంది. నాకు అప్పుడు చెక్కముక్క తట్టి ఉంటే ఆ ఇంటూ పడేది కాదు.

పీడనాన్ని కూడా ఇక్కడే కలుపు. లోతు పెరిగే కొద్దీ నీళ్ళు గట్టిగా నొక్కుతాయి. అందుకే రాయి పైభాగం కన్నా కింది భాగం మీద నొక్కుడు ఎక్కువ, ఆ తేడానే రాయిని పైకి తోస్తుంది. స్ప్రింగు త్రాసుకి రాయిని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్ళలో ముంచితే 540 కాస్తా 340 చూపిస్తుంది. మా ఊళ్ళో బావి నుంచి నీళ్ళు తోడేటప్పుడు బిందె నీళ్ళలో ఉన్నంత సేపూ దూదిలా వచ్చేది, నీటి పైకి రాగానే చేతులు లాగేసేవి. మీ అమ్మమ్మ "ఇప్పుడు గట్టిగా పట్టుకోవే" అని అరిచేది. ఆ అరుపు వచ్చే చోటే ఈ పాఠమంతా ఉంది.

మన ఊరి ప్రశ్న ఒకటి చివర్లో పెట్టుకో. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే పక్కకి ఒరిగి నీళ్ళలో పడిపోయింది. మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. సుమారు 350 టన్నుల గ్రానైట్. బార్జి మీద ఉన్నప్పుడు 350 ఘనమీటర్ల నీళ్ళు తోసింది, అడుగున పడుకున్నప్పుడు దాదాపు 130. మరి సాగర్ మట్టం తగ్గిందా? తగ్గింది, కానీ మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. నా తొట్టి కథే, ఇంకా పెద్ద తొట్టిలో. ఆ ప్రమాదంలో మనుషులు పోయారు, కాబట్టి ప్రశ్నని గౌరవంగా రాయి. కార్టూన్ బొమ్మలు వద్దు.

ఇంకొక్కటి, దీనికి నన్ను చాదస్తమనుకున్నా సరే. ఇంటి దగ్గర చేసే ప్రతి ప్రయోగం కింద "అయ్యాక నీళ్ళు వెంటనే పారబోయండి" అని రాయి. మా పక్కింట్లో నడక నేర్చుకుంటున్న పసివాడు నిండిన బకెట్లో తల్లకిందులుగా పడితే నేనే కాళ్ళు పట్టి లాగాను. బకెట్లో నీళ్ళు మోకాలెత్తు కూడా లేవు. ఇళ్ళలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటారు తల్లీ. చెరువు దగ్గరా క్వారీ గుంతల దగ్గరా చేసి చూడమనే మాట నీ కాగితం మీద ఉండనే కూడదు.

జిరాక్స్‌కి ఇచ్చే ముందు నాకొక కాపీ పంపు. ప్రతి ప్రశ్నా మా వంటింట్లో చేసి చూస్తాను. ఆ 540 గ్రాముల రాయి ఇంకా నా దగ్గరే ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. అన్నం తినే వెళ్ళాలి.

మీ పెద్దమ్మ
మల్కాజ్‌గిరి